సుంకమైతే ఖజానాకు, కోటా అయితే లైసెన్స్ చేతిలో ఉన్నవాడికి: బర్మా మినుముల లెక్క

ప్రశ్న: "తిరుపతిలో ఎం.కామ్ చదువుతున్నాను. దిగుమతి సుంకం వేసినా, కోటా పెట్టినా బయటి సరుకు తగ్గి ఇక్కడ ధర పెరుగుతుందని పుస్తకంలో ఉంది. ఫలితం ఒకటే అయితే రెండు పద్ధతులెందుకు? మన దేశంలోనే ఎవరికి లాభం, ఎవరికి నష్టం? మా మామయ్యకు టిఫిన్ సెంటర్ ఉంది, మినప్పప్పు ధర చూసి రోజూ తిట్టుకుంటాడు. ఆ ఉదాహరణతోనే చెప్పగలరా?"

మీ మామయ్య జేబుకు పడే చిల్లు, మినుము రైతుకు వచ్చే లాభం రెండు పద్ధతుల్లోనూ సమానంగా ఉండేట్టు చేయవచ్చు. మీ పుస్తకం చెప్పింది అంతవరకే. అసలు తేడా మధ్యలో మిగిలే డబ్బు దగ్గర ఉంది. బయట చవగ్గా కొన్న సరుకు ఇక్కడ ఎక్కువ ధరకు అమ్ముడవుతుంది కదా, ఆ తేడా సుంకమైతే ప్రభుత్వానికి పోతుంది. కోటా అయితే దిగుమతి లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల దగ్గర ఆగుతుంది. రెండో తేడా, పంట పోయిన ఏడాది గానీ, బయట ధర పడిపోయిన ఏడాది గానీ తెలుస్తుంది. సుంకం ఉంటే సరుకు ఎంత రావాలో ధరే తేలుస్తుంది, కోటా ఉంటే సరుకు కదలదు కాబట్టి ధరే కదలాలి.

నేను చాలా ఏళ్లు చెన్నై హార్బర్‌లో కస్టమ్స్ క్లియరింగ్ పని చేశాను. సొంతూరు చిత్తూరు, ఇప్పుడు అక్కడే ఉంటున్నాను. పప్పుధాన్యాల కంటైనర్లు, ముఖ్యంగా బర్మా మినుములు, నా చేతి మీదుగా చాలానే వెళ్లాయి. అందుకే మీరు మినుములే అడగడం నాకు సుఖంగా ఉంది.

ముందు లెక్క చూద్దాం. ఇందులోని అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవే, ఏ ఏడాది మార్కెట్‌వీ కావు. చెన్నైలో దిగిన బర్మా మినుములు అన్ని ఖర్చులతో కలిపి క్వింటాల్ 5,000 పడుతున్నాయి. ఎవరైనా ఎంతైనా తెచ్చుకోవచ్చు కాబట్టి దేశంలో ధర కూడా 5,000 దగ్గరే ఉంటుంది. ఆ ధరకు జనం 30 లక్షల టన్నులు తింటున్నారు, మన రైతులు 24 లక్షలు పండిస్తున్నారు, మిగతా 6 లక్షలు బయటి నుంచి వస్తున్నాయి.

ఇప్పుడు 20 శాతం సుంకం వేశారు. ధర 6,000 అయింది. తినేది 29 లక్షలకు తగ్గింది, మన పంట 26 లక్షలకు పెరిగింది, దిగుమతి 3 లక్షల టన్నులకు దిగింది. కొనేవాళ్లంతా కలిపి క్వింటాల్‌కు వెయ్యి చొప్పున 29 లక్షల టన్నుల మీద అదనంగా కట్టారు, అంటే 2,900 కోట్లు. తినడం మానుకున్న లక్ష టన్నుల వల్ల జరిగిన నష్టం ఇంకో 50 కోట్లు వేసుకోండి. మొత్తం 2,950. రైతుల వైపు మిగిలింది దాదాపు 2,500 కోట్లు. దిగుమతైన 3 లక్షల టన్నుల మీద క్వింటాల్‌కు వెయ్యి చొప్పున ప్రభుత్వానికి వచ్చింది 300 కోట్లు. ఇంకా 150 కోట్లు ఎవరికీ అందకుండా పోయాయి. అందులో 100 కోట్లు, బయట 5,000కు దొరికేదాన్ని ఇక్కడ అంతకంటే ఎక్కువ ఖర్చుపెట్టి పండించినందుకు పోయినవి. మిగతా 50 మనం పైన చెప్పుకున్న తినడం మానుకున్న లెక్క.

సుంకం తీసేసి దాని బదులు "ఏడాదికి 3 లక్షల టన్నులే తేవాలి, లైసెన్స్ ఉన్నవాళ్లే తేవాలి" అన్నారనుకోండి. ధర మళ్లీ 6,000కే వస్తుంది. మీ మామయ్యకు అదే నష్టం, రైతుకు అదే లాభం. ఆ 300 కోట్లు మాత్రం ఖజానాకు పోకుండా లైసెన్స్‌దారుల దగ్గర ఉండిపోతాయి. కొత్త సినిమాకు బ్లాక్‌లో టికెట్ అమ్మినప్పుడు ఎక్కువ కట్టిన డబ్బు నిర్మాతకు చేరకుండా టికెట్లు చేతిలో ఉన్నవాడికి మిగలడం లాంటిదే ఇది. ఈ మిగులునే అర్థశాస్త్రంలో కోటా రెంట్ అంటారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ప్రభుత్వం ఆ లైసెన్సులను వేలం వేస్తే ఆ 300 కోట్లలో చాలా భాగం తిరిగి ఖజానాకే వస్తుంది, అప్పుడు కోటాకూ సుంకానికీ ఆ విషయంలో తేడా పోతుంది. కానీ మన పప్పుధాన్యాల కోటాలను వేలం వేయలేదు. దరఖాస్తు పెట్టుకున్న మిల్లులకు పంచారు.

ఎలా పంచారో చూస్తే మిగతా కథ అర్థమవుతుంది.

2015లో కందిపప్పు కిలో 200 రూపాయలు తాకింది, గుర్తుండే ఉంటుంది. ఆ ధరలు చూసి రైతులు పప్పుధాన్యాలు విపరీతంగా వేశారు, వానలూ కలిసొచ్చాయి. 2016-17లో దేశంలో పంట 230 లక్షల టన్నులు దాటి అప్పటికి రికార్డు అయింది. ధరలు మద్దతు ధర కంటే కిందికి పోయాయి. 2017 ఆగస్టులో కేంద్రం ముందు కందులకు 2 లక్షల టన్నులు, ఆ తర్వాత మినుములు, పెసలు రెండింటికీ కలిపి 3 లక్షల టన్నులు అని ఏడాది కోటా పెట్టింది. 2018-19కి మినుములకు విడిగా లక్షన్నర టన్నులు. దాన్ని డీజీఎఫ్‌టీ, అంటే ఢిల్లీలోని విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, దరఖాస్తు చేసుకున్న మిల్లర్లకు పంచింది. మామూలు వ్యాపారికి అర్హత లేదు. తెచ్చిన సరుకు తన మిల్లులోనే ఆడించుకోవాలి, ఇంకొకరికి అమ్మకూడదు. దీన్నే యాక్చువల్ యూజర్ షరతు అంటాం.

కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. ఆచరణలో ఏమైందంటే, ఉన్నది లక్షన్నర టన్నులు, అడిగింది దానికి ఎన్నో రెట్లు. పంచితే చిన్న మిల్లుకు వచ్చేది కొసరు. మా జిల్లాలో ఒక చిన్న పప్పు మిల్లు యజమాని కోసం నేనే కాగితాలు సిద్ధం చేశాను. ఫ్యాక్టరీ లైసెన్స్, కరెంటు బిల్లులు, మిల్లు కెపాసిటీకి చార్టర్డ్ ఇంజనీర్ సర్టిఫికెట్, వెనకటి ఏళ్ల జీఎస్‌టీ, వ్యాట్ రిటర్నులు, ఇలా ఫైలు బాగానే లావైంది. తీరా కేటాయింపు చూసుకుని ఆయన, "సామీ, ఇంత తిరిగితే వచ్చింది ఇంతేనా? రంగూన్‌లో ఈ కొంచానికి మనతో బేరం చేసేవాడెవడు?" అన్నాడు. ఆయన బాధ నిజమే. కొన్ని కంటైనర్ల కోసం బ్యాంకులో ఎల్‌సీ, అంటే అమ్మేవాడికి చెల్లింపు హామీ పత్రం, తెరవాలి, ధర మాట్లాడాలి, చెన్నైలో ప్లాంట్ క్వారంటైన్ వాళ్ల పురుగు, తెగులు తనిఖీ చూసుకోవాలి. ఆ ఖర్చు పెద్ద దిగుమతిదారుకు టన్ను మీద కనపడదు, చిన్నవాడికి నెత్తిన కూర్చుంటుంది.

అలాంటప్పుడు చిన్న మిల్లు యజమాని దగ్గరికి పెద్ద వ్యాపారి వస్తాడు. "నీ పేరు మీదే తెద్దాం, డబ్బు నాది, సరుకు నేను చూసుకుంటా, నీకు క్వింటాల్‌కు ఇంత" అంటాడు. కస్టమ్స్‌లో దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీ పత్రం మిల్లు పేరు మీద ఉంటుంది, సరుకు మిల్లు గడప తొక్కదు. షరతు ప్రకారం ఇది తప్పు, దొరికితే కేసు. నేను అలాంటి ఫైళ్లు ముట్టుకోలేదు గానీ హార్బర్‌లో ఆ "క్వింటాల్‌కు ఇంత" రేటు అందరికీ తెలుసు. మీరు ఎం.కామ్ విద్యార్థి కాబట్టి చెబుతున్నా, ఆ రేటే కోటా రెంట్‌కు బజారు ధర. లైసెన్స్‌లో ఏమీ మిగలకపోతే ఎవడూ దానికి డబ్బివ్వడు.

ఇంకో సంగతి కెపాసిటీది. కేటాయింపు మిల్లు సామర్థ్యాన్ని బట్టి జరుగుతుందనుకుంటే ప్రతివాడూ సామర్థ్యం పెంచి చూపించాలనుకుంటాడు. ఉన్న యంత్రమే సగం రోజులు ఖాళీగా ఉన్నా ఇంకోటి కొంటాడు. ఇది మనకు కొత్త జబ్బు కాదు. 1974లో ఆన్ క్రూగర్ అనే ఆర్థికవేత్త సరిగ్గా దీన్ని మన దేశం ఉదాహరణతోనే రాశారు. లైసెన్సులు ఫ్యాక్టరీ సామర్థ్యాన్ని బట్టి ఇస్తున్నందున, ఉన్న ఫ్యాక్టరీలు పూర్తిగా నడవకపోయినా కొత్తవి కడుతున్నారని చూపించారు. 1964లో ఇలాంటి అనుమతుల చుట్టూ ఉన్న రెంట్ల విలువ జాతీయాదాయంలో 7.3 శాతం దాకా ఉంటుందని ఆమె అంచనా. అందులో పెద్ద వాటా దిగుమతి లైసెన్సులదే. ఆ 300 కోట్లు కనీసం ఎవరి జేబులోనైనా పడ్డాయి కదా అని సరిపెట్టుకోలేం. దాన్ని దక్కించుకోవడానికి పెట్టే తిరుగుళ్లు, అక్కర్లేని యంత్రాలు, వకీళ్ల ఫీజులు ఆ 300లోనే కొంత తినేస్తాయి. అప్పుడు దేశానికి నష్టం 150 దగ్గర ఆగదు.

వకీళ్లంటే గుర్తొచ్చింది. పప్పుధాన్యాల కోటాలను సవాలు చేస్తూ దిగుమతిదారులు హైకోర్టులకు వెళ్లారు, కొందరు మధ్యంతర ఉత్తర్వులతో కోటాకు మించి బఠాణీ వగైరా తెచ్చుకున్నారు. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ ఆంక్షలు చెల్లుతాయని తేల్చింది. 2021 జూన్‌లో ఇంకో తీర్పులో, అలా వచ్చిన సరుకును జరిమానా కట్టించుకుని వదిలేయడం కుదరదు, పూర్తిగా జప్తు చేయాల్సిందే అంది. సుంకం విషయంలో ఇంత దూరం పోదు. రేటు ఎక్కువైందని ఎవడైనా ఏడుస్తాడు, కట్టి సరుకు తీసుకెళతాడు.

ఇప్పుడు పంట పోయిన ఏడాది. మన లెక్కలోనే వానలకు 3 లక్షల టన్నుల పంట పోయిందనుకుందాం. సుంకం ఉన్న దేశంలో ఇంకో 3 లక్షల టన్నులు బయటి నుంచి వస్తాయి. ధర 6,000 దగ్గరే నిలుస్తుంది, ప్రభుత్వానికి 300 బదులు 600 కోట్లు వస్తాయి. కోటా ఉన్న దేశంలో అదే 3 లక్షల టన్నుల దగ్గర గేటు పడిపోతుంది. ఉన్న సరుకుకే జనం పోటీ పడాలి, ధర 7,000కు పోయిందనుకోండి. లైసెన్స్‌దారుడు 5,000కు తెచ్చింది 7,000కు అమ్ముతాడు, ఆ 600 కోట్లు వాళ్లకు. అదనంగా ఒక్క బస్తా కూడా తేకుండానే వాళ్ల లాభం రెట్టింపైంది. రైతుకు పంట ఎటూ పోయింది, మిగిలిన కొంచానికి మంచి ధర వచ్చిందంతే.

ఇది నిజంగానే జరిగింది. 2019 వానలకు మధ్యప్రదేశ్ వైపు మినుము బాగా దెబ్బతింది. లక్షన్నర టన్నులున్న కోటాను కేంద్రం ఆ డిసెంబర్‌లో 4 లక్షలకు పెంచింది. పంట వానల్లో పోతే ఫైలు డిసెంబర్‌కు కదిలింది. ఆ మధ్యలో ఇడ్లీ పిండి రుబ్బేవాళ్లంతా పెరిగిన ధర కట్టారు. చివరికి 2021 మే నెలలో కందులు, మినుములు, పెసలు మూడింటికీ గేట్లు తెరిచి, ఎవరైనా తెచ్చుకోవచ్చన్నారు. పెసలకు తర్వాత మళ్లీ ఆంక్ష వచ్చింది.

కోటా పెట్టిన రోజున కూడా ఒక పంపకం జరుగుతుంది, దాన్ని పుస్తకాలు పట్టించుకోవు. పైన రైతుకు 2,500 కోట్లు అని రాశాను. అది పంట ఇంకా రైతు చేతిలో ఉంటేనే. మన కృష్ణా, గుంటూరు వైపు వరి కోసిన మాగాణుల్లో వేసే మినుము ఫిబ్రవరి, మార్చిల్లో వస్తుంది. చిన్న రైతు కల్లంలోనే అమ్మేస్తాడు. ఆగస్టులో కోటా ప్రకటిస్తే అప్పటికి ఆ సరుకు గోదాముల్లో వ్యాపారి పేరు మీద ఉంటుంది. ఆ ఏడాదికి ధర పెరిగిన లాభం వాళ్లదే. రైతు దాకా రావాలంటే కోటా వచ్చే సీజన్ దాకా నిలబడాలి, మధ్యలో గేట్లు తెరవకూడదు.

అయినా రైతు సంఘాలు సుంకం కంటే కోటానే ఎందుకు అడుగుతాయో నాకు అర్థమవుతుంది. బయట ధర 5,000 నుంచి 4,000కు పడిందనుకోండి. 20 శాతం సుంకం ఉంటే ఇక్కడ ధర 4,800 అవుతుంది, రైతు మునిగిపోతాడు. కోటా ఉంటే 3 లక్షల టన్నులకు మించి రాదు కాబట్టి 6,000 నిలుస్తుంది. మినుముల్లో ఇది ఇంకా గట్టిగా పనిచేస్తుంది. ఎందుకంటే బర్మా మినుములకు పెద్ద గిరాకీ మనమే. 2017లో మనం గేటు మూసేసరికి అక్కడ ధర కూలిపోయింది. సుంకమే వేసి ఉంటే ఆ తగ్గింపులో కొంత మన ఖజానాకు సుంకం రూపంలో వచ్చేది. కోటా వేశాం కాబట్టి రంగూన్‌లో తగ్గిన ధర లాభం కూడా మన లైసెన్స్‌దారుడికే కలిసొచ్చింది.

ఇంకొక రకం ఉంది, అది మీ వంటింట్లో నూనెకు సంబంధించింది. 2022 మేలో కేంద్రం ముడి సోయా నూనె, ముడి సన్‌ఫ్లవర్ నూనె ఏడాదికి చెరి 20 లక్షల టన్నులు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చంది. కోటా దాటితే మామూలు సుంకం, అప్పటికి మొత్తం 5.5 శాతం. ధర తగ్గించడానికే చేశారు. సోయాలో ఏమైందో చూడండి. అప్పట్లో మనం ఏడాదికి దాదాపు 40 లక్షల టన్నుల సోయా నూనె బయటి నుంచి తెచ్చుకునేవాళ్లం. 20 లక్షలు సుంకం లేకుండా వస్తే మిగతా సగం సుంకం కట్టే రావాలి. బజారులో ధర నిర్ణయించేది ఆ చివరి, సుంకం కట్టిన టన్ను. కట్టనివాడు కూడా అదే ధరకు అమ్ముకుంటాడు, ఆ 5.5 శాతం జేబులో వేసుకుంటాడు. పైగా లైసెన్స్ రాని రిఫైనరీలు, సుంకం కట్టి తెస్తే పోటీలో నష్టపోతామని తెప్పించడమే తగ్గించాయి. దాంతో సరుకు బిగిసి ఇక్కడి ధర బయటి ధర మీద ఇంకా ఎక్కింది. రెండేళ్లకని మొదలుపెట్టిన సోయా కోటాను 2023 మార్చితో ఆపేశారు. ప్రభుత్వం సుంకం వదులుకుంది, వినియోగదారుడికి తగ్గింది లేదు. అందరికీ ఒకేలా రెండు శాతం తగ్గించి ఉన్నా దాని కంటే బాగుండేదని నా అభిప్రాయం.

మీరు ప్రాజెక్టు చేస్తున్నారేమో తెలియదు. చేస్తుంటే, కోటా అమల్లో ఉన్న కాలంలో ఈ రెంట్ ఉందో లేదో బయట ఉండి కూడా పట్టుకోవచ్చు. బర్మా మినుములకు చెన్నై డెలివరీ ధర టన్నుకు ఇన్ని డాలర్లని రోజూ కోట్ చేస్తారు. ఎస్‌క్యూ అనే మేలు రకం, ఎఫ్‌ఏక్యూ అనే మామూలు రకం అని రెండుంటాయి, మన ఇడ్లీ, దోసెల వ్యాపారం ఎక్కువగా ఎస్‌క్యూ అడుగుతుంది. రెండింటినీ కలపకండి, ధరలో తేడా ఉంటుంది. ఆ డాలర్ ధరను ఆనాటి మారకంతో రూపాయల్లోకి మార్చి, సుంకం ఉంటే అది, హార్బర్ ఖర్చులు, క్లియరింగ్, వడ్డీ కలపండి. ఉదాహరణకు టన్ను 800 డాలర్లు, డాలర్ 84 అనుకుంటే టన్ను 67,200, అంటే క్వింటాల్ 6,720. ఖర్చులకు 150 వేసుకుంటే 6,870. ఇప్పుడు అదే రోజు అదే రకానికి చెన్నై హోల్‌సేల్ ధర చూడండి. 6,900, 7,000 ఉంటే మామూలు వ్యాపారమే. 7,800 ఉండి వారాల తరబడి అలాగే నిలిచి ఉంటే, క్వింటాల్‌కు ఆ తొమ్మిది వందల చిల్లర లైసెన్స్ రాబడి.

ఒకటి రెండు రోజుల తేడా చూసి తీర్మానించకండి. ఓడ ఆలస్యమైనా, వరుస సెలవులొచ్చినా, రూపాయి ఒక్కసారిగా పడినా అంత గ్యాప్ వస్తుంది, కంటైనర్లు రిలీజ్ కాగానే పోతుంది. మినుములతో పాటు మినపగుళ్ల ధర కూడా రాసుకోండి. మీ మామయ్య కొనేది గుళ్లు, వాటిలో మిల్లు తరుగు, ఆడించే కూలి కలిసి ఉంటాయి. ముడి మినుము ధర దిగినా ఆయన దగ్గర ధర దిగలేదంటే ఆ మిగులు హార్బర్‌లో ఆగలేదు, మిల్లుకూ హోల్‌సేల్ కొట్టుకూ మధ్య ఎక్కడో ఉంది. అప్పుడు దానికి కోటాను తిట్టి లాభం లేదు, వేరే లెక్క తీయాలి.